సీనియర్‌కి రాసే మొదటి మెసేజ్‌లో పొగడ్త తీసేసి మీ పనిని పెట్టండి

ప్రశ్న: బి.ఫార్మసీ చదివి, మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో రెండున్నరేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం మీద పని చేస్తున్నాను. మందుల అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్‌లోకి మారాలని ఉంది. లింక్డ్‌ఇన్‌లో ఆ రంగంలో సీనియర్ మేడమ్ ఒకరున్నారు. మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూపే స్టెబిలిటీ డేటా మీద, అనుమతులిచ్చే ఏజెన్సీల నుంచి వచ్చే క్వెరీల గురించి ఆవిడ రాసిన పోస్టు చదివాక, మేం రోజూ తీసే నంబర్లు చివరికి ఎక్కడికి వెళ్తాయో నాకు మొదటిసారి అర్థమైంది. ఆవిడకు ఈ మెసేజ్ పంపాలనుకుంటున్నాను:

"గౌరవనీయులైన మేడమ్, నమస్కారం. మీ ప్రొఫైల్ చూసి ఎంతో ఇన్‌స్పైర్ అయ్యాను. రెగ్యులేటరీ రంగంలో మీ అనుభవం అద్భుతం. నేను క్యూసీలో పని చేస్తున్నాను. రెగ్యులేటరీలోకి రావడం నా కల. దయచేసి నాకు మెంటర్‌గా ఉండి గైడ్ చేయగలరు. మీ అమూల్యమైన సమయంలో ఒక 30 నిమిషాలు కేటాయిస్తే కాల్‌లో మాట్లాడతాను. మీ కంపెనీలో ఖాళీలుంటే రిఫర్ చేయగలరు. రెజ్యూమె జత చేశాను."

ఇలాంటిదే ఇంతకుముందు చాలామందికి పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
— ఒక పాఠకురాలు, పటాన్‌చెరు

సమాధానం:

మీరు నాకు రాసిన ఉత్తరంలో ఒక మంచి వాక్యం ఉంది. "మేం రోజూ తీసే నంబర్లు చివరికి ఎక్కడికి వెళ్తాయో మొదటిసారి అర్థమైంది" అన్నారు. ఆ మాట చదవగానే మీరెవరో, ఏం పని చేస్తారో, ఆ మేడమ్‌కే ఎందుకు రాయాలనుకుంటున్నారో నాకు తెలిసిపోయింది. అదే వాక్యం ఆవిడకు రాసిన మెసేజ్‌లో లేదు. దాని బదులు "ఎంతో ఇన్‌స్పైర్ అయ్యాను" అని ఉంది. ఆ మాట ఎవరికైనా రాయొచ్చు, ఎవరైనా రాయొచ్చు.

పై మెసేజ్‌లో "రెగ్యులేటరీ" అనే మాట తీసేసి "క్లినికల్ రీసెర్చ్" అని పెట్టి చూడండి. వేరే రంగంలో వేరే మనిషికి అలాగే పంపేయొచ్చు. చదివేవాళ్లకు ఇది ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఎందుకంటే వాళ్లకు వచ్చేవన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. నాకు వచ్చేవీ ఇలాంటివే. రాసినవాళ్లు మంచివాళ్లే, మాటల్లో అబద్ధమూ ఉండదు. కానీ ఏం జవాబివ్వాలో తోచదు. "మీకు మెంటర్‌గా ఉంటాను" అంటే ఎంతకాలం, వారానికి ఎన్ని గంటలు, దేని గురించి? అవేవీ తెలియకుండా ముక్కూమొహం తెలియని మనిషికి మాట ఇవ్వలేరు. కాదని రాస్తే నొచ్చుకుంటారేమోనని మొహమాటం. దాంతో జవాబు రేపటికి వాయిదా పడుతుంది, ఆ రేపు రాదు.

ఇంకో సంగతి. మీ మెసేజ్‌లో నాలుగు కోరికలున్నాయి: మెంటర్‌గా ఉండాలి, 30 నిమిషాలు మాట్లాడాలి, రిఫర్ చేయాలి, రెజ్యూమె చూడాలి. ఇన్ని కనిపిస్తే చదివేవాళ్లు చివరిదాన్నే అసలు కోరిక అనుకుంటారు. ఉద్యోగం కోసం రాశారు, ముందున్నదంతా దానికి పీఠిక అన్నట్టు తయారవుతుంది. మీకు నిజంగా ఆవిడ పోస్టు నచ్చింది. కానీ రిఫరల్ మాట వచ్చేసరికి ఆ ఇష్టం కూడా నమ్మశక్యంగా ఉండదు.

ఇప్పుడు ఆవిడ వైపు నుంచి చూద్దాం. రెగ్యులేటరీలో ఉన్నవాళ్లు అనుమతి కోసం ఏజెన్సీకి పంపే డోసియర్‌లో మాడ్యూల్ 3, అంటే మందు నాణ్యత గురించిన భాగం, రాస్తారు కదా. అందులో 3.2.P.5 అంటే తయారైన మందు స్పెసిఫికేషన్లు, టెస్టు పద్ధతులు, వాటి వాలిడేషన్, బ్యాచ్‌ల ఫలితాలు. 3.2.P.8 అంటే స్టెబిలిటీ. ఈ రెండు చోట్లా ఉండే ప్రతి అంకె మీలాంటి అనలిస్టు చేతి మీదుగా వచ్చిందే. ఏజెన్సీ నుంచి క్వెరీ వస్తే ఆవిడ మొదట ఫోన్ చేసేది మీ డిపార్ట్‌మెంట్‌కే. రిపోర్టులో ఒక వివరం లేదనో, రెండు టేబుళ్లలో అంకెలు కలవడం లేదనో, క్రొమటోగ్రామ్‌లో ఒక పీక్‌కి వివరణ లేదనో అడుగుతూనే ఉంటారు. అంటే మీరు ఈ రంగానికి బయటి మనిషి కారు, దాని రెండో కొసన ఉన్నారు. అలాంటిది మీ మెసేజ్‌లో క్యూసీ సంగతి రెండు పొగడ్తల తర్వాత ఒక పొడి వాక్యంగా వచ్చి పోయింది. ఫోన్‌లో చూసేవాళ్లకు మొదట కనిపించేది రెండు మూడు లైన్లే. మీరు ఆ లైన్లను "గౌరవనీయులైన", "అద్భుతం" అన్న మాటలకు ఇచ్చేశారు.

కాబట్టి మొదటి పని ప్రశ్న వెతుక్కోవడం. మెసేజ్ ఎలా రాయాలన్నది ఆ తర్వాతి మాట. "రెగ్యులేటరీలోకి ఎలా రావాలి?" అన్నది అడగొద్దు, దానికి జవాబు చెప్పాలంటే పూట పడుతుంది. "ఏ కోర్సు చేయమంటారు?" అన్నదీ వద్దు, అది ఎవరినైనా అడగొచ్చు. ఆవిడ రోజూ చేసే పనిలోంచి, మీరు రోజూ చేసే పనిలోంచి రెండూ కలిసే చోట ప్రశ్న పుట్టాలి. రెండు మూడు లైన్లలో జవాబు చెప్పగలిగేలా ఉండాలి.

ఆవిడ పోస్టు స్టెబిలిటీ మీద కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ముందు ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ స్టెబిలిటీ మీద ఇచ్చిన క్యూ1ఎ గైడ్‌లైన్ ఒకసారి తీయండి. ఐసీహెచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, పెద్ద పత్రమూ కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర నిల్వ ఉంచే మందుకు యాక్సిలరేటెడ్ స్టడీ 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు చేస్తారని మీకు తెలుసు, ఆ చాంబర్ నుంచి వచ్చిన శాంపిళ్లే మీరు నడుపుతారు. అస్సే, అంటే మందులో అసలు పదార్థం ఎంతుందన్న లెక్క, మొదటి విలువ నుంచి 5 శాతం మారితే దాన్ని సిగ్నిఫికెంట్ చేంజ్ అంటారు. లాంగ్ టర్మ్ స్టడీ 25 డిగ్రీలు, 60 శాతం తేమలో నడుస్తున్న మందుకు అలా జరిగితే 30 డిగ్రీలు, 65 శాతం తేమ దగ్గర ఇంటర్మీడియట్ స్టడీ కూడా చూపించాల్సి వస్తుంది. ఇదంతా గైడ్‌లైన్‌లోనే ఉంది. అందుకే "అస్సే పడిపోతే ఏం చేస్తారు మేడమ్?" అని అడిగితే, పుస్తకం తెరవకుండా వచ్చారని ఆవిడకు తెలిసిపోతుంది.

గైడ్‌లైన్ ఆగిపోయే చోట అడగండి. ఉదాహరణకు అస్సే బాగానే ఉంది, అన్నీ లిమిట్ లోపలే ఉన్నాయి. కానీ ఒక ఇంప్యూరిటీ 3 నెలలకు కొంచెం, 6 నెలలకు ఇంకొంచెం పెరిగింది అనుకుందాం. క్యూసీ లెక్క ప్రకారం అది పాస్, మీరు సంతకం పెట్టి పక్కన పెట్టేస్తారు. అదే టేబుల్‌ను రెగ్యులేటరీలో చూసేవాళ్లకు మాత్రం ఆ పెరుగుదలే కనిపిస్తుంది, ఎందుకంటే షెల్ఫ్ లైఫ్ చివరికి అది ఎక్కడికి చేరుతుందని ఏజెన్సీ అడగొచ్చు. ఇలాంటప్పుడు క్యూసీ రిపోర్టులో ముందే ఏ వివరం ఉంటే ఆవిడ పని తేలికవుతుంది? ఇది పుస్తకంలో దొరకదు. క్వెరీలకు జవాబులు రాసి రాసి అలవాటైనవాళ్లకే తెలుస్తుంది. పైగా ఆవిడకు ఈ విషయంలో క్యూసీ వాళ్లతో చెప్పాలనుకున్నవి ఎన్నో ఉండే ఉంటాయి. క్యూసీ మనిషి తనంతట తాను వచ్చి అడగడం అరుదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిడ వేరే కంపెనీ. మీ ప్రొడక్ట్ పేరు, బ్యాచ్ నంబరు, అసలు ఫలితాలు, క్రొమటోగ్రామ్ స్క్రీన్‌షాట్, "మొన్న మా దగ్గర ఇలా ఫెయిలైంది" లాంటి మాట ఏదీ రాకూడదు. మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందానికి అది విరుద్ధం. అంతకంటే ముఖ్యంగా, పత్రాల గోప్యతే జీవనాధారమైన రంగంలోకి రావాలనుకుంటూ మొదటి మెసేజ్‌లోనే కంపెనీ డేటా బయటపెడితే, ఆవిడ మర్యాదగా తప్పుకుంటారు. ప్రశ్నను "అనుకుందాం" అన్న రూపంలో, అంకెలు లేకుండా అడగండి. ఆవిడను కూడా వాళ్ల కంపెనీ కేసులు చెప్పమనొద్దు. "మామూలుగా" అన్న మాట చేర్చితే చాలు, ఆవిడకూ జవాబివ్వడానికి ఇబ్బంది ఉండదు.

ఇక పంపే పద్ధతి. పరిచయం లేనివాళ్లకు లింక్డ్‌ఇన్‌లో నేరుగా పెద్ద మెసేజ్ పంపాలంటే సాధారణంగా ప్రీమియం కావాలి. ఉచిత ఖాతా అయితే కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు చిన్న నోట్ పెట్టొచ్చు, అదీ 200 అక్షరాల లోపు, నెలకు కొన్నిటికే. కాబట్టి మొత్తం కథ అందులో ఇరికించాలని చూడకండి. నోట్‌లో మీరెవరో, ఎందుకు కనెక్ట్ అవుతున్నారో చెప్పండి. ప్రశ్న ఆవిడ యాక్సెప్ట్ చేశాక అడగండి. నోట్ ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్తే మేడమ్. క్యూసీలో హెచ్‌పీఎల్‌సీ చేస్తాను. స్టెబిలిటీ క్వెరీల మీద మీ పోస్టు చదివాక మేం తీసే నంబర్లు డోసియర్‌లో ఎక్కడికి వెళ్తాయో అర్థమైంది. కనెక్ట్ అవుదామని అడుగుతున్నాను."

ఇది 200 అక్షరాల్లో పడుతుంది. తెలుగులో రాస్తే గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి, అందుకే ఇంతకంటే పెద్దగా పెంచే వీలు లేదు. మీరు ఇంగ్లిష్‌లో పంపినా ఇదే వరుస: ముందు మీ పని, తర్వాత ఆవిడ పోస్టు, ఆ పోస్టు వల్ల మీకు తెలిసిన ఒక్క సంగతి. నోట్‌లో ఏ కోరికా లేదు, గమనించారా? యాక్సెప్ట్ చేయడానికి ఆవిడకు ఏ బరువూ ఉండకూడదు.

రిక్వెస్ట్ పంపే ముందు రెండు చిన్న పనులు చేయండి. ఆవిడ పోస్టు కింద ఒక కామెంట్ పెట్టండి, "చాలా బాగా చెప్పారు మేడమ్" అని మాత్రం వద్దు. మీకు బెంచి దగ్గర కనిపించే ఒక సంగతి రాయండి, ఉదాహరణకు "లిమిట్ లోపల ఉందా లేదా అన్నదే మేం చూస్తాం, టైమ్ పాయింట్ల మధ్య తేడా మా కంట పడదు" అని. రెండోది మీ ప్రొఫైల్ హెడ్‌లైన్. రిక్వెస్ట్ వచ్చినప్పుడు మీ పేరు కింద కనిపించేది అదే. అక్కడ "కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను" అని ఉంటే నోట్ ఎంత బాగున్నా ఉద్యోగం కోసమే వచ్చారనుకుంటారు. "క్యూసీ అనలిస్ట్, హెచ్‌పీఎల్‌సీ, స్టెబిలిటీ టెస్టింగ్" అని మార్చండి.

ఆవిడ యాక్సెప్ట్ చేశాక, ఆ రోజే కాకపోయినా రెండు మూడు రోజుల్లో ఇలా రాయండి:

"మేడమ్, కనెక్ట్ అయినందుకు థాంక్స్. నేను రెండున్నరేళ్లుగా క్యూసీలో స్టెబిలిటీ శాంపిళ్లు నడుపుతున్నాను. రెగ్యులేటరీ వైపు మారాలని ఉంది, అందుకే ఈ మధ్య ఐసీహెచ్ క్యూ1ఎ చదివాను. మీ పోస్టు పక్కన పెట్టుకుని చదివితే ఒక చోట ఆగిపోయాను. ఒక ఇంప్యూరిటీ లిమిట్ లోపలే ఉంటూ 3 నెలలకు, 6 నెలలకు పెరుగుతూ పోయిందనుకుందాం. మా వైపు అది పాస్. మామూలుగా ఇలాంటప్పుడు క్యూసీ రిపోర్టులో ఏ వివరం ముందే ఉంటే క్వెరీకి జవాబు రాయడం మీకు తేలికవుతుంది? రెండు మాటల్లో చెప్పినా చాలు. మీరు బిజీగా ఉంటే, దీని మీద చదవడానికి ఏదైనా ఉంటే పేరు చెప్పండి, నేను వెతుక్కుంటాను."

మీ పాత మెసేజ్‌తో పోల్చి చూడండి. ఇది పొడవే, కానీ చదవడానికి బరువుగా లేదు, ఎందుకంటే అడిగింది ఒక్కటే. రెగ్యులేటరీకి మారాలన్న కోరిక దాచలేదు, ఒకసారి చెప్పి వదిలేశాం. దాచిపెట్టి తర్వాత బయటపెడితే ఆవిడకు మోసపోయినట్టు అనిపిస్తుంది. పొగడ్త ఒక్కటీ లేదు, అయినా ఆవిడ రాసినదాన్ని గైడ్‌లైన్ పక్కన పెట్టుకుని చదివారని తెలుస్తోంది. అంతకంటే గౌరవం ఏ విశేషణంలోనూ ఉండదు. "మేడమ్" అన్న పిలుపు ఉంచాను, మన ఫార్మా ఆఫీసుల్లో అందరూ అలాగే పిలుస్తారు. "గౌరవనీయులైన", "అమూల్యమైన సమయం" తీసేశాను, అవి సెలవు చీటీ భాష. చివరి వాక్యం వల్ల ఆవిడకు తప్పుకునే దారి కూడా ఉంది. ఒక గైడ్‌లైన్ పేరు రాసి పంపినా అది జవాబే అవుతుంది.

ఒక్క మాట. ఈ మెసేజ్‌ను ఇలాగే కాపీ చేసి పంపొద్దు. గైడ్‌లైన్ నిజంగా చదవండి, చదువుతుంటే మీకు వేరే అనుమానం వస్తే అదే అడగండి. నేను రాసిన ప్రశ్నకు ఆవిడ జవాబిచ్చి, తిరిగి మిమ్మల్ని ఇంకోటి అడిగితే మీ దగ్గర చెప్పడానికి సొంత సరుకు ఉండాలి.

జవాబు రాకపోతే పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. "చూశారా మేడమ్?" అని కాకుండా, ఈలోపు మీరు తెలుసుకున్నది ఒకటి చేర్చి రాయండి. ఉదాహరణకు, స్టెబిలిటీ డేటాను ఎలా విశ్లేషించాలో చెప్పే క్యూ1ఇ చదివాననీ, ప్రశ్నలో ఒక భాగం తీరిందనీ, ఫలానా భాగం ఇంకా మిగిలిందనీ చెప్పొచ్చు. అప్పటికీ రాకపోతే వదిలేయండి. సబ్మిషన్ గడువు దగ్గరపడినప్పుడో, ఆడిట్ నడుస్తున్నప్పుడో రెగ్యులేటరీ వాళ్లు వారాల తరబడి లింక్డ్‌ఇన్ తెరవరు. కొన్ని కంపెనీల్లో బయటివాళ్లతో టెక్నికల్ విషయాలు మాట్లాడొద్దని నియమం కూడా ఉంటుంది. మీ మీద కోపమేమీ ఉండదు. కనెక్షన్ రిక్వెస్టే పెండింగ్‌లో ఉండిపోతే కంగారుపడి వెనక్కి తీసుకోకండి. తీసుకుంటే ఆ మనిషికే మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు.

జవాబు వస్తే మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. చాలామంది "థాంక్యూ సో మచ్ మేడమ్" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఆగిపోతారు. మీరు ఆవిడ చెప్పింది చేసి చూడండి. రిపోర్టులో ట్రెండ్ గురించి ఒక వ్యాఖ్య ఉండాలని ఆవిడ అన్నారనుకోండి. మీ కంపెనీ ఎస్‌ఓపీ అందుకు ఒప్పుకుంటుందో లేదో మీ సూపర్‌వైజర్‌ను అడగండి. మూడు వారాల తర్వాత ఆవిడకు రాయండి: "మీరు చెప్పినట్టు టైమ్ పాయింట్లన్నీ పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు ఏ ఇంప్యూరిటీ గురించి అడుగుతారో ముందే ఊహించగలుగుతున్నాను." ఇందులో మీ కంపెనీ డేటా ఏమీ లేదు. కానీ తను చెప్పిన మాట ఒక చోట పనికొచ్చిందని ఆవిడకు తెలుస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆవిడ మీకు మెంటర్ అయిపోయినట్టే, ఆ మాట ఎవరూ పైకి అనక్కర్లేదు. 15 నిమిషాల కాల్ అప్పుడు అడగండి, ఏం మాట్లాడాలనుకుంటున్నారో రెండు పాయింట్లు ముందే రాసి అడగండి.

రిఫరల్ మాట ఆ తర్వాతే. అది కూడా "ఖాళీలుంటే" అని వదులుగా అడగొద్దు. వాళ్ల కంపెనీ కెరీర్ పేజీలో రెగ్యులేటరీ ఎగ్జిక్యూటివ్ పోస్టు పడినప్పుడు దాని జాబ్ ఐడీ పెట్టి, అందులో అడిగినవాటిలో మీకు ఏవి వచ్చు, ఏవి రావో నిజాయితీగా రాసి, "మీకు సరే అనిపిస్తేనే" అని అడగండి. మీ పని ఎలా ఉంటుందో అప్పటికి ఆవిడకు కొంత తెలిసి ఉంటుంది కాబట్టి హెచ్‌ఆర్‌కు మీ గురించి చెప్పడానికి ఆవిడ దగ్గర మాట ఉంటుంది.

ఇంతకుముందు జవాబివ్వనివాళ్లందరికీ ఈ కొత్త మెసేజ్ మార్చి పంపాలనిపించొచ్చు, వద్దు. వాళ్లలో ఎవరి పోస్టు అయినా, ప్రసంగమైనా మీరు శ్రద్ధగా చదివి, విని ఉంటే వాళ్లకు రాయండి. అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో తేలతారు. మిగతావాళ్లను వదిలేసి, ఆ సాయంత్రాలు క్యూ1ఎ చదవడానికి పెట్టండి.